గుమ్మంలో నిలబడటం రాని ప్రోగ్రాము

కర్నూలు చుట్టుపక్కల నాలుగు వేబ్రిడ్జిలు నడిపే ఒక చిన్న సంస్థకు తూకం ప్రోగ్రాము రాసింది నేనే. కోడుమూరు దారిలో ఒకటి, డోన్ దగ్గర ఒకటి, ఆదోని వైపు ఒకటి, ఊరి శివారులో ఒకటి. ఇక్కడ అందరూ వాటిని కాటాలనే అంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను. ఉల్లి కాలంలో తెల్లవారకముందే ట్రాక్టర్లు వచ్చి వరసలో నిలబడతాయి. బండి కాటా ఎక్కాలి, తూకం చీటీ చేతికి రావాలి, అక్కడి నుంచి యార్డుకు పోవాలి. చీటీ అరగంట ఆలస్యమైతే వేలంలో వెనకబడతానని రైతు భయం. ఆ భయం న్యాయమైనదే.

పోయిన సెప్టెంబరులో ఒక రాత్రి గాలివానకు కరెంటు పోయింది. కోడుమూరు దారి కాటా గదిలోని యూపీఎస్ గంటన్నరకు మించి ఓర్చుకోలేదు. తెల్లవారుజామున నాలుగూ యాభైకి కరెంటు వచ్చింది. గదిలోని చిన్న కంప్యూటరు తనంతట తాను ఆన్ అయింది. మా ప్రోగ్రాము మాత్రం లేవలేదు. ఐదున్నరకు మొదటి ట్రాక్టరు వచ్చినప్పుడు గుమాస్తా ఫోను చేశాడు.

"అన్నా, తెరంతా నల్లగా ఉంది. చీటీ ఎలా ఇవ్వమంటారు?"

బరువు చూపే ఇండికేటరులో అంకె చూసి చేత్తో రాసివ్వమన్నాను. కారణం నాకు వెంటనే తట్టింది. ప్రోగ్రాముకు కావలసిన పాస్‌వర్డులన్నీ, అంటే ప్రధాన డేటాబేసుది, ఎస్ఎంఎస్ పంపే సేవది, కంప్యూటర్‌లో ఎక్కడా రాసిపెట్టలేదు. కర్నూలు ఆఫీసులోని ఒక సర్వరు మీద వాల్ట్ అనే రహస్యాల పెట్టె నడుస్తుంది. కాటా ప్రోగ్రాము లేవగానే దాని తలుపు తట్టి, తానెవరో చెప్పుకుని, పాస్‌వర్డులు తెచ్చుకుంటుంది. రోడ్డు పక్క రేకుల గదిలో ఉన్న కంప్యూటరును ఎవరైనా ఎత్తుకుపోయినా అందులో ఏమీ దొరకకూడదని చేసిన ఏర్పాటు అది. ఆ రాత్రి గాలివానకు ఆఫీసులోనూ కరెంటు పోయింది. వాల్ట్ ఉన్న సర్వరూ ఆగి మళ్లీ లేచింది.

ఇక్కడ వాల్ట్ స్వభావం ఒకటి చెప్పాలి. అది ఆగి లేచిన ప్రతిసారీ ముద్ర వేసి ఉన్న స్థితిలోనే లేస్తుంది. లోపలి సమాచారమంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, దాన్ని విప్పే తాళంచెవి వాల్ట్ దగ్గరే ఉండదు. గుడి హుండీని ఒక్క ధర్మకర్త తాళంచెవితో తెరవనివ్వరు కదా, అలాంటిదే. మామూలుగా తాళంచెవిని ఐదు ముక్కలు చేసి ఐదుగురికి ఇస్తారు, ఏ ముగ్గురు తమ ముక్కలు ఇచ్చినా తెరుచుకుంటుంది. మా ముక్కల్లో ఒకటి నా దగ్గర, ఒకటి మేనేజరు దగ్గర, ఒకటి హైదరాబాదులో ఉండే యజమాని దగ్గర ఉన్నాయి. మిగతా రెండూ కవర్లలో పెట్టి ఆఫీసు బీరువాలో ఉన్నాయి, ఆ వేళకు ఆఫీసు తెరవరు. ఆరు గంటలకు మేనేజరును లేపాను. యజమాని ఫోను ఎత్తేసరికి ఆరున్నర అయింది. ఆరూ నలభైకి వాల్ట్ తెరుచుకుంది. ఇక ప్రోగ్రాము దానంతట అదే లేస్తుందనుకుని స్నానానికి వెళ్లాను.

ఏడుంబావుకు మళ్లీ ఫోను. "అన్నా, ఇంకా నల్లగానే ఉంది."

వాల్ట్ దొరకకపోవడం కరెంటు వల్ల జరిగింది. వాల్ట్ దొరికిన అరగంట తరువాత కూడా కాటా లేవకపోవడం మాత్రం పూర్తిగా నా తప్పు. ఈ రెండూ వేరు వేరు తప్పులు. మొదటిదాన్ని తప్పించడానికి బ్యాటరీలు కొనవచ్చు, ఎన్ని కొన్నా ఏదో ఒకరోజు అయిపోతాయి. రెండోదాన్ని తప్పించడానికి ఖర్చేమీ లేదు, ఆలోచన చాలు. నేను ఆ ఆలోచన చేయలేదు.

కాటా కంప్యూటరు లాగ్‌లో కనిపించినవి ఈ వరసలు:

```
kata.service: Scheduled restart job, restart counter is at 5.
kata.service: Start request repeated too quickly.
kata.service: Failed with result 'exit-code'.
```

ప్రోగ్రామును లేపే బాధ్యత లినక్సులోని సిస్టమ్‌డీది. వాల్ట్ అందకపోతే నా ప్రోగ్రాము తప్పు సందేశం రాసి చచ్చిపోయేది. చచ్చిపోతే మళ్లీ లేపమని సిస్టమ్‌డీకి `Restart=on-failure` అని చెప్పి ఉంచాను. అంతటితో నా పని అయిపోయిందనుకున్నాను. నేను రాయని చోట ఏ విలువలు అమల్లో ఉంటాయో చూడలేదు. చచ్చిన ప్రోగ్రామును సిస్టమ్‌డీ సెకనులో పదో వంతు ఆగి మళ్లీ లేపుతుంది. పది సెకన్ల వ్యవధిలో ఐదుసార్లు లేపాక కూడా నిలబడకపోతే ఇది బాగుపడేది కాదని తీర్మానించి వదిలేస్తుంది. మనిషి వచ్చి చెయ్యి వేసేదాకా మళ్లీ ముట్టుకోదు.

ఆ తెల్లవారుజామున జరిగింది ఇది. గదిలోని రౌటరు లేవడానికి రెండు నిమిషాలు పడుతుంది, కంప్యూటరు అరనిమిషంలోపే లేచింది. అప్పటికి దానికి ఇంకా నెట్‌వర్కు చిరునామా కూడా లేదు. ప్రోగ్రాము వాల్ట్‌ను పిలవబోతే `Network is unreachable` అని లినక్సు గుండెకాయ అయిన కెర్నెల్ ఆ క్షణంలోనే చెప్పేసింది. బయటికి ఒక్క ప్యాకెట్టు కూడా పోలేదు. ప్రోగ్రాము రాసిన పైథాన్ భాష లేవడానికి అర సెకను, చావడానికి ఏమీ పట్టదు, మళ్లీ లేపడానికి పదో వంతు. ఐదు ప్రయత్నాలూ మూడు నాలుగు సెకన్లలో అయిపోయాయి. నాలుగూ యాభై ఒకటికల్లా సిస్టమ్‌డీ చేతులు దులుపుకుంది. ఆరూ నలభైకి మేం ముగ్గురం కలిసి తాళం తీసినప్పుడు గుమ్మంలో ఎవరూ లేరు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మరొకటి. నేను దీన్ని ముందే పరీక్షించాను! ఆఫీసులో నా బల్ల మీదే ఇంకో కంప్యూటరు పెట్టి, వాల్ట్ సర్వరు కేబులు పీకేసి, ప్రోగ్రాము నడిపి చూశాను. చచ్చింది, లేచింది, చచ్చింది, లేచింది. పావుగంట తరువాత కేబులు పెడితే చక్కగా కలిసింది. సంతోషించాను. తేడా ఎక్కడుందో తరువాత అర్థమైంది. ఆఫీసులో ఆ రెండు యంత్రాలూ ఒకే నెట్‌వర్కులో ఉన్నాయి. అవతలి యంత్రం లేనప్పుడు కెర్నెల్ దాని కోసం మూడు సెకన్లపాటు వెతికి, అప్పుడు `No route to host` అంటుంది. ఒక్కో ప్రయత్నానికి మూడున్నర సెకన్లకు పైగా పట్టింది కాబట్టి పది సెకన్లలో మూడుసార్లే లేచేది, ఐదు అన్న హద్దును ఎప్పుడూ తాకేది కాదు. అంటే పరీక్షలో ప్రోగ్రాము బతికింది నిదానంగా విఫలమైనందుకు. కాటా గదిలో చచ్చింది చురుగ్గా విఫలమైనందుకు. "వాల్ట్ అందదు" అని మనం ఒకే మాటగా అనుకునేది యంత్రం దగ్గర నాలుగైదు రకాలుగా ఉంటుంది. పరీక్షించేటప్పుడు వాటిలో ఏ రకాన్ని పరీక్షిస్తున్నామో తెలిసి ఉండాలి.

ఆ రకాల్లో అన్నిటికన్నా చెడ్డది మౌనం. దారిలో ఏదో ఫైర్‌వాల్ ప్యాకెట్లను మింగేస్తూ, కాదనీ అవుననీ చెప్పకపోతే, లినక్సు మామూలు అమరికలో రెండు నిమిషాలకు పైగా మళ్లీ మళ్లీ పిలుస్తూనే ఉంటుంది. నేను వాడే `requests` లైబ్రరీ తనకు తానుగా ఏ గడువూ పెట్టదు. గడువు మనమే రాయకపోతే కనెక్షను కుదిరాక జవాబు రాని పిలుపు మీద ప్రోగ్రాము అలా ఎంతసేపైనా కూర్చుంటుంది. చావదు, లాగ్‌లో ఒక్క వరసా రాయదు. అలాంటప్పుడు మళ్లీ లేపే ఏర్పాటు ఎంత గొప్పగా ఉన్నా పనికిరాదు, చావనిదాన్ని ఎవరూ లేపరు.

ఇదంతా బెంగళూరులో ఇదే రంగంలో ఉన్న మా బావమరిదికి చెప్పాను. వాడు కొట్టిపారేశాడు. "బావా, ప్రోగ్రాము వెంటనే చచ్చిపోవడమే మంచిది. సగం లేచి సగం లేవని స్థితిలో వేలాడేదాని కన్నా చచ్చింది నయం. లేపేవాడు వేరే ఉన్నాడు కదా, వాడి పని వాణ్ణి చేయనివ్వు. నువ్వు ఆ పది సెకన్ల లెక్క ఒక్కటి సరిచేసుకో, చాలు."

ఈ వాదనను నేను తేలిగ్గా తీసుకోను. వాడు చెప్పినదాంట్లో బలముంది. ప్రోగ్రాము లోపల మళ్లీ మళ్లీ ప్రయత్నించే కోడు ఎంత పెరిగితే తప్పులు అంత పెరుగుతాయి, ఆ కోడును ఎవరూ సరిగా పరీక్షించరు కూడా. చచ్చిపోవడం మాత్రం అందరికీ కనిపించే సంగతి. అందుకే వాడి మాట విన్నాను. `RestartSec=5` అని ఒక వరస రాశాను. ఇక చచ్చిన ప్రతిసారీ ఐదు సెకన్లు ఆగి లేస్తుంది, పది సెకన్లలో ఐదుసార్లన్న హద్దు ఎప్పటికీ తగలదు. దాంతో పాటు వాల్ట్ సర్వరు ఒక్కదానికే పెద్ద బ్యాటరీ కొనిపించాను.

రెండు నెలలు బాగానే నడిచింది. నవంబరులో ఒక ఉదయం డోన్ కాటా లేవలేదు.

ఈసారి వాల్ట్ మేలుకునే ఉంది, తెరిచే ఉంది. రాత్రి కరెంటు పోయినప్పుడు ఆగింది డేటాబేసు సర్వరు, దానికి పెద్ద బ్యాటరీ లేదు. అది లేచి, డిస్కు సరిచూసుకుని, జవాబిచ్చే స్థితికి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. సరిగ్గా ఆ ఇరవై నిమిషాల్లోనే డోన్ గుమాస్తా తన కంప్యూటరు ఆన్ చేశాడు. ప్రోగ్రాము వాల్ట్ దగ్గరికి పోయి, తానెవరో చెప్పుకుని, పాస్‌వర్డు తెచ్చుకుని, డేటాబేసును పిలిచింది. డేటాబేసు లేదు. చచ్చింది. ఐదు సెకన్ల తరువాత లేచి మళ్లీ మొదటి నుంచీ, అంటే మళ్లీ వాల్ట్ దగ్గర తానెవరో చెప్పుకోవడం నుంచీ, మొదలుపెట్టింది.

తానెవరో చెప్పుకోవడానికి ప్రతి కాటాకూ వాల్ట్ ఒక గుర్తింపు చీటీ ఇస్తుంది, దాన్ని సీక్రెట్ ఐడీ అంటారు. దొంగ చేతిలో పడినా ఎక్కువసార్లు వాడుకోకూడదని దానికి నలభైసార్ల హద్దు నేనే పెట్టాను. వారానికొకసారి కొత్తది ఇస్తాం. రోజుకు ఒకటి రెండుసార్లు లేచే ప్రోగ్రాముకు నలభై ఎంతో ఎక్కువ. కానీ ఏడు సెకన్లకొకసారి చస్తూ లేస్తూ ఉంటే నలభైసార్లు ఐదు నిమిషాల్లోపే అయిపోతాయి. అయిపోయాయి. డేటాబేసు వచ్చేసరికి వాల్ట్ డోన్ కాటాను గుర్తుపట్టడం మానేసింది, 400 అనే జవాబిచ్చి తిప్పి పంపడం మొదలుపెట్టింది. డేటాబేసు ఇబ్బంది ఇరవై నిమిషాల్లో తీరింది. నేను తయారుచేసిన ఇబ్బంది నేను వెళ్లి కొత్త గుర్తింపు ఇచ్చేదాకా తీరలేదు.

మా బావమరిదితో నాకు భేదం వచ్చేది ఇక్కడే. బయటివాడు లేపడం అంటే ఎప్పుడూ మొదటి మెట్టు నుంచి లేపడమే. ఏ మెట్టు దగ్గర ఆగిపోయామో ప్రోగ్రాముకు తెలుసు, బయటివాడికి తెలియదు. వాల్ట్‌తో పని అయిపోయి డేటాబేసు దగ్గర ఆగితే, వాల్ట్ లోపలికి రానిచ్చినప్పుడు ఇచ్చిన టోకెన్‌ను అలాగే పట్టుకుని డేటాబేసును మాత్రమే మళ్లీ పిలవాలి. చచ్చి లేచే ప్రోగ్రాముకు ఆ జ్ఞాపకం ఉండదు. పైగా వాల్ట్‌తో డేటాబేసు లాగిన్లను అప్పటికప్పుడు పుట్టించుకునే సంస్థలున్నాయి. అక్కడ ప్రతి పునర్జన్మకూ డేటాబేసులో ఒక కొత్త వాడుకరి పుట్టి, గడువు తీరేదాకా ఊరికే పడి ఉంటాడు. మాకు ఆ బాధ లేదు కానీ ఉండి ఉంటే ఆ ఉదయం డేటాబేసు లేచాక కూడా తలనొప్పి ఉండేది.

బెంగళూరులో వాడు పనిచేసే కుబర్నెటీస్ లోకంలో, అంటే ప్రోగ్రాములను కంటైనర్లనే పెట్టెల్లో పెట్టి నడిపే చోట కూడా, ఇది అంత సాఫీగా ఏమీ లేదు. చచ్చే కంటైనరును అది పది సెకన్లు, ఇరవై, నలభై అంటూ వ్యవధి పెంచుతూ లేపుతుంది, ఐదు నిమిషాల దగ్గర ఆగుతుంది. వాల్ట్ తెరుచుకున్న తరువాత కూడా ఇంకా నాలుగు నిమిషాలు ఊరికే కాచుకునే వీలుందన్న మాట. వంద కంటైనర్లలో ఒకటి అలా ఉంటే ఎవరికీ పట్టదు. కాటా మీద ట్రాక్టరు నిలబడి ఉంటే పడుతుంది.

కాబట్టి ఇప్పుడు ప్రోగ్రామే కాచుకుంటుంది. దానికి తెలియాల్సింది ఒక్కటే. ఏ జవాబుకు కాచుకోవాలి, ఏ జవాబుకు మానుకోవాలి? నేను వాల్ట్ జవాబులను రెండు కుప్పలు చేశాను. కాలమే బాగుచేసేవి ఒక కుప్ప: నెట్‌వర్కు లేదు, అవతలి యంత్రం లేదు, పిలుపుకు గడువు దాటింది, వాల్ట్ ఉంది కానీ ముద్ర తీయలేదు. ముద్ర వేసి ఉన్న వాల్ట్ 503 అనే జవాబిస్తుంది. వెబ్‌లో 503 అంటే సేవ తాత్కాలికంగా లేదని. ఇక్కడ దాని అర్థం ఒక మనిషి ఇంకా నిద్ర లేవలేదని. మనిషి మాత్రమే బాగుచేసేవి రెండో కుప్ప: గుర్తింపు చెల్లదనే 400, అనుమతి లేదనే 403, అడిగిన పేరుతో ఏదీ లేదనే 404. వీటికి వెయ్యిసార్లు తలుపు తట్టినా అదే జవాబు వస్తుంది. తట్టినకొద్దీ లాగ్ నిండుతుంది, అసలు కారణం అడుగున పడిపోతుంది.

```python
delay = 1
while True:
    try:
        r = requests.post(LOGIN_URL, json=creds, timeout=(3, 5))
        if r.status_code == 200:
            break
        if r.status_code in (400, 403, 404):
            show_fault(r.status_code)
            sys.exit(78)
        show_wait(r.status_code)
    except requests.RequestException as e:
        show_wait(e)
    time.sleep(random.uniform(delay / 2, delay))
    delay = min(delay * 2, 30)
```

వ్యవధి ఒక సెకనుతో మొదలై రెట్టింపవుతూ ముప్పై దగ్గర ఆగుతుంది. ఆ ముప్పై ఎక్కడిది? చాలా మంది ఈ అంకెను సర్వరు మీద పడే భారం చూసి నిర్ణయిస్తారు. నాలుగు కాటాలు కలిసి ఎంత తట్టినా వాల్ట్‌కు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. నేను గుమాస్తా వైపు నుంచి చూశాను. మేం తాళం తీశామని ఫోనులో చెప్పిన తరువాత అతను తెర వైపు చూస్తూ ఎంతసేపు ఓపిక పడతాడు? అరనిమిషం దాటితే కంప్యూటరు స్విచ్ ఆపి వేస్తాడు. స్విచ్ ఆపితే మళ్లీ మొదటికి. అందుకే ముప్పై. వ్యవధిని కొంచెం అటూ ఇటూ చేసే `random` మాకు పెద్దగా అవసరం లేదు. వందల యంత్రాలు ఒకే క్షణంలో లేచి ఒకే క్షణంలో తలుపు తట్టే చోట అది ప్రాణం లాంటిది. కోడులో ఒక్క వరసే కదా అని ఉంచాను.

మొత్తం ఎంతసేపు కాచుకోవాలన్నదానికి నేను హద్దు పెట్టలేదు. దీనికి నన్ను తిట్టేవాళ్లుంటారని తెలుసు. పది నిమిషాలు చూసి మానుకోవాలంటారు. మానుకుని ఎవరికి అప్పజెప్పాలి? డోన్ కాటా గదిలో గుమాస్తా తప్ప ఎవరూ లేరు. రాత్రంతా గుమ్మంలో నిలబడినా తప్పులేదు, నిలబడి ఉన్నానని పైకి చెప్పాలి అంతే. పాత ప్రోగ్రాములో ఉన్నది నల్ల తెర. ఇప్పుడు పెద్ద అక్షరాలతో "ఆఫీసులో తాళం ఇంకా తీయలేదు, మేనేజరుగారికి ఫోను చేయండి" అని ఉంటుంది. 503 వస్తే ఆ మాట, నెట్‌వర్కు లేకపోతే "రౌటరు దీపాలు చూడండి" అనే మాట. ఈ రెండు వాక్యాలు రాశాక నాకు వచ్చే ఫోన్లు సగానికి తగ్గాయి.

కోడులోని 78 ఊరికే పెట్టిన అంకె కాదు. అమరికలో తప్పుందని చెప్పడానికి యునిక్స్‌లో పాత ఆచారంగా వాడే నిష్క్రమణ సంఖ్య అది. ఆ సంఖ్యతో చస్తే లేపవద్దని సిస్టమ్‌డీకి చెప్పవచ్చు:

```ini
[Unit]
StartLimitIntervalSec=0

[Service]
Restart=on-failure
RestartSec=10
RestartPreventExitStatus=78
```

మొదటి సెట్టింగు పది సెకన్ల లెక్కను పూర్తిగా తీసేస్తుంది. అది `[Unit]` కిందే ఉండాలి, నేను మొదట `[Service]` కింద రాసి, తెలియని పేరని లాగ్‌లో వచ్చిన హెచ్చరికను రెండు రోజులు చూసుకోలేదు. నెట్‌వర్కు వచ్చాకే ప్రోగ్రామును లేపమని `network-online.target` పెడితే చాలు కదా అని బావమరిది అన్నాడు. పెట్టాను, దాని మేలు కొంతే. ఈ కంప్యూటరుకు నెట్‌వర్కు అమరిందో లేదో మాత్రమే అది చెబుతుంది. ముప్పై కిలోమీటర్ల అవతల మేనేజరు లేచాడో లేదో చెప్పదు.

ఇంతవరకూ వచ్చాక కూడా మనసులో ఒక ముల్లు మిగిలింది. ఇదంతా చేసినా, సెప్టెంబరు నాటి ఉదయం మళ్లీ వస్తే ఏమవుతుంది? ప్రోగ్రాము మర్యాదగా కాచుకుంటుంది, తెర మీద మంచి తెలుగులో కారణం చెబుతుంది, ఆరూ నలభైకి దానంతట అదే లేస్తుంది. ఐదున్నరకు వచ్చిన రైతుకు మాత్రం ఆరూ నలభై దాకా చీటీ లేదు.

కాగితం తీసుకుని కాటా చేసే పనులు వరసగా రాశాను. బండి ఎక్కుతుంది, ఇండికేటరు నుంచి సీరియల్ కేబులులో బరువు వస్తుంది, బండి నంబరు గుమాస్తా టైపు చేస్తాడు, చీటీ ప్రింటరులో వస్తుంది, ఒక ప్రతి ఆఫీసు డేటాబేసుకు పోతుంది, రైతుకు ఎస్ఎంఎస్ పోతుంది. ఇందులో పాస్‌వర్డు కావలసింది చివరి రెండింటికే. బరువు చూసి చీటీ ఇవ్వడానికి ఏ రహస్యమూ అక్కరలేదు! అయినా నేను పాస్‌వర్డులు తెచ్చే పనిని ప్రోగ్రాము మొదటి వరసలో పెట్టాను, అవి రానిదే కిటికీ కూడా తెరవనివ్వలేదు. ఎందుకు పెట్టానంటే అందరూ అలా పెడతారు కాబట్టి. అంతకు మించి నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు పై కోడంతా వెనక నడిచే వేరే థ్రెడ్‌లోకి పోయింది. తూకం తెర వెంటనే వస్తుంది, చీటీలు కంప్యూటరులోని చిన్న డేటాబేసులో పడతాయి, పాస్‌వర్డు దొరికినప్పుడు వెనక థ్రెడ్ వాటిని ఆఫీసుకు చేరవేస్తుంది. పైథాన్‌లో `sys.exit` వేరే థ్రెడ్‌లో పిలిస్తే ఆ థ్రెడ్ మాత్రమే ఆగుతుంది, ప్రోగ్రాము ఆగదు. దీన్ని తప్పని తిట్టుకునేవాళ్లే ఎక్కువ. నాకు కావలసింది అదే అయింది. గుర్తింపు చెల్లకపోతే చేరవేసే పని ఆగి తెర మీద ఎర్ర గీత వస్తుంది, తూకం సాగుతుంది. 78 అనేది ఇక వృథా కదా అంటే, ఇండికేటరు పోర్టు పేరు తప్పు రాసినప్పుడు ఇంకా పనికొస్తుంది.

దీనికి మూల్యం లేకపోలేదు. చీటీ సంఖ్యలు ఇంతకుముందు ఆఫీసు డేటాబేసు ఇచ్చేది. ఇప్పుడు ప్రతి కాటా తన అక్షరంతో తన సంఖ్యలు తానే వేసుకుంటుంది, యార్డులో లెక్కలు చూసేవాళ్లకు కొత్త పుస్తకం పెట్టించాల్సి వచ్చింది. రైతు పాత బాకీ చూసి డబ్బు ఇచ్చే పని ఆఫీసుతో కలిసేదాకా జరగదు. అది జరగకూడదు కూడా. ఇక నేను అసలు ఊహించనిది తేదీ. ఆదోని వైపు కంప్యూటరులో గడియారం బ్యాటరీ అయిపోయింది. కరెంటు పోయి వస్తే అది రెండేళ్లు వెనక్కి పోయి లేచేది. ఇదివరకు వాల్ట్ సర్టిఫికెట్టు ఇంకా అమల్లోకి రాలేదని `certificate is not yet valid` అనే తప్పు వచ్చి ప్రోగ్రాము చచ్చేది. ఎవరికీ కారణం తెలియకపోయినా తప్పు తేదీతో చీటీ మాత్రం బయటికి పోయేది కాదు. ఇప్పుడు వాల్ట్ లేకుండానే చీటీ ఇస్తానంటున్నాను కాబట్టి రెండేళ్ల కిందటి తేదీతో చీటీ పోతుంది. అందుకని ప్రోగ్రాము లేవగానే గడియారాన్ని తాను తయారైన తేదీతో పోల్చుకుంటుంది. తాను పుట్టకముందు తేదీ కనిపిస్తే గడియారం తప్పన్నట్టే, గుమాస్తా తేదీ సరిచేసేదాకా ప్రింటరు తెరవదు. ఆ సర్టిఫికెట్టు తప్పు మాత్రం కాచుకునే కుప్పలోనే ఉంది. ఇంటర్నెట్టు వస్తే గడియారం దానంతట అదే సరవుతుంది కాబట్టి.

బావమరిది చివరిసారి పండక్కి వచ్చినప్పుడు ఇంకో దారి చెప్పాడు. "ఇంత అవస్థ ఎందుకు బావా, పోయినసారి తెచ్చుకున్న పాస్‌వర్డులు ఎన్‌క్రిప్ట్ చేసి కంప్యూటరులోనే దాచిపెట్టు. వాల్ట్ లేకపోతే అవి వాడు." ఆ ఎన్‌క్రిప్షన్ విప్పే తాళంచెవి ఎక్కడ పెట్టాలి అని అడిగాను. అదే డిస్కు మీద అన్నాడు, నవ్వాడు, తరువాత తాళంచెవిని తనలోనే దాచుకునే టీపీఎం చిప్పు ఉన్న కంప్యూటర్లు కొనమన్నాడు. చిప్పు ఉంటే ఆలోచిస్తాను, డిస్కును వేరే యంత్రంలో పెట్టి చదవడం అప్పుడు కుదరదు. కంప్యూటరును మొత్తంగా ఎత్తుకుపోయి అలాగే ఆన్ చేస్తే ఏమవుతుందన్న ప్రశ్న అప్పటికీ ఉంటుంది. వాల్ట్ తనంతట తాను తెరుచుకునేలా క్లౌడ్‌లో తాళంచెవి పెట్టవచ్చని కూడా అన్నాడు. పెట్టవచ్చు. అప్పుడు నేను కాచుకోవాల్సింది యజమాని నిద్ర లేవడం కోసం కాదు, ఆఫీసు ఇంటర్నెట్టు లేవడం కోసం. గాలివాన రాత్రి ఆ రెండింటిలో ఏది ముందు లేస్తుందో నేను పందెం కాయను.

జనవరిలో ఒక ఆదివారం నాలుగు కాటాల్లోనూ పరీక్ష పెట్టాను, ఈసారి బల్ల మీద కాదు. గుమాస్తాను మెయిన్ స్విచ్ ఆపి వేయమన్నాను, వాల్ట్‌ను కావాలనే ముద్ర వేసి ఉంచాను. కోడుమూరు దారిలో రౌటరు దీపాలు ఇంకా మెరుస్తుండగానే తూకం తెర వచ్చింది. ఇసుక ట్రాక్టరు ఒకటి అప్పుడే వస్తే దానికి చీటీ కూడా ఇచ్చాడు. ముద్ర తీశాక ఇరవై రెండు సెకన్లకు ఆ చీటీ ఆఫీసులో కనిపించింది. డోన్‌లో ప్రింటరు కాగితం అయిపోయింది. దానికి నా దగ్గర కోడు లేదు.